ఫైర్ క్లెయిమ్‌లో సర్వేయర్ ఏం చూస్తాడు, ఆయన రిపోర్ట్ మీ డబ్బుని ఎలా మారుస్తుంది: కాలిపోయిన గోడౌన్ లెక్కతో మొత్తం వివరం

నేను ఒక ఫైర్ సర్వేయర్ గారి దగ్గర తొమ్మిదేళ్ళు అసిస్టెంట్‌గా చేశా, టేపు పట్టుకోవడం దగ్గర్నుంచి రిపోర్ట్ టైప్ చేసే దాకా అన్నీ. ఇప్పుడు అకౌంట్స్ పని చేసుకుంటున్నా గానీ తెలిసినవాళ్ళు ఎవరికైనా షాపు కాలినా గోడౌన్‌లోకి నీళ్ళొచ్చినా ముందు నాకే ఫోన్ వస్తుంది, అందరూ అడిగేది ఒకటే, "సర్వేయర్ వస్తున్నాడంట, ఆయనకి ఏం చెప్పాలి, ఎంత ఇస్తాడు?" అని. ఈ ప్రశ్నలోనే ఒక తప్పు ఉంది. సర్వేయర్ ఏమీ ఇవ్వడు. ఆయన లెక్క కట్టి రాస్తాడు అంతే, డబ్బు ఇచ్చేది కంపెనీ. కానీ ఆయన రాసిన అంకెని కంపెనీ మార్చేది చాలా తక్కువ కాబట్టి ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ప్రాపర్టీ క్లెయిములన్నీ ఒక్క చోట చెప్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు కాబట్టి ఒక్క కేసు తీసుకుంటా. నేను స్వయంగా వెళ్ళింది, హోల్‌సేల్ బట్టల గోడౌన్, రాత్రిపూట మంటలు. అంకెలు గుండ్రంగా చేశా, గుర్తుపట్టే వివరాలు తీసేశా.

ముందు సర్వేయర్ ఎవరి మనిషి అన్నది

మన దేశంలో మోటార్ కాకుండా మిగతా క్లెయిముల్లో నష్టం లక్ష రూపాయలు, ఆ పైన ఉంటే ఇన్సూరెన్స్ రంగాన్ని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్స్ ఉన్న సర్వేయర్ రిపోర్ట్ ఉండాలి, ఇది 1938 ఇన్సూరెన్స్ చట్టంలో 64యూఎం సెక్షన్ కింద వచ్చే రూల్. ఆయన్ని పెట్టేది కంపెనీ, ఫీజు కట్టేది కూడా కంపెనీయే, మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. అడిగితే అసలే ఇవ్వకండి. అందుకని "కంపెనీ మనిషే కదా" అని మొదట్నుంచే ఎదురుతిరిగి మాట్లాడేవాళ్ళు ఉంటారు, అది నష్టమే. లైసెన్స్ ఇచ్చింది కంపెనీ కాదు, రెండు పక్షాలకీ న్యాయంగా లెక్క కట్టాల్సిన బాధ్యత ఆయన మీద ఉంది, తప్పుడు రిపోర్ట్ రాస్తే లైసెన్స్ మీదకి వస్తుంది. అలాగని మీ తరఫు మనిషీ కాదు. మీరు చూపించనిది ఆయన ఊహించి మీకు కలపడు, ఇది గుర్తుంటే చాలు.

టైమ్ విషయం ఒక్క ముక్కలో చెప్పేస్తా. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని కేటాయించాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి, అది అందాక 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. పెద్ద స్టాక్ క్లెయిముల్లో ఇంత స్పీడ్‌గా జరగడం నేనైతే తక్కువే చూశా, ఎక్కువసార్లు లేట్ అయ్యేది కాగితాల దగ్గరే.

మొదటి అడుగు: సర్వేయర్ వచ్చేలోపు

మంటలు ఆరాయి, పొద్దున్నే షట్టర్ తీశారు, లోపల మోకాళ్ళ ఎత్తున తడి బూడిద. అందరికీ మొదట అనిపించేది ఊడ్చేద్దామని. వద్దు. ఆ బూడిదే మీ సాక్ష్యం. అలాగని చేతులు కట్టుకుని కూర్చోకూడదు కూడా, ఎందుకంటే మిగిలిన సరుకు ఇంకా పాడవకుండా చూసే బాధ్యత పాలసీ మీ మీదే పెడుతుంది. తడిసిన తాన్లు అలాగే వదిలేస్తే రెండు మూడు రోజుల్లో బూజు పట్టి మరకలు పడతాయి, అప్పుడు సర్వేయర్ "ఇది మంట వల్ల కాదు, అశ్రద్ధ వల్ల" అని రాసే అవకాశం ఉంది.

కాబట్టి చేయాల్సింది ఇది. ముందు ఫోన్‌లో వీడియో తీయండి, గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఆపకుండా నాలుగు గోడలూ, పైకప్పూ, నేలా. తర్వాత కాలని సరుకుని, తడిసిన సరుకుని విడివిడిగా ఒక పక్కకి తీసి ఆరబెట్టండి, ఎక్కడ్నుంచి తీశారో కాగితం మీద రాసుకోండి. బూడిదా, పూర్తిగా కాలిన కుప్పలూ, కాలిన కరెంట్ బోర్డూ మాత్రం ఎక్కడివక్కడే ఉంచండి. తీయక తప్పని పరిస్థితి ఉంటే కంపెనీకి మెయిల్ పెట్టి "ఫలానా కారణంతో జరుపుతున్నాం" అని చెప్పి జరపండి, ఆ మెయిల్ తర్వాత చాలా పనికొస్తుంది.

రెండో అడుగు: సైట్ మీద ఆయన ఏం చూస్తాడు

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే సర్వేయర్ అంటే ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయేవాడు అని అందరి అభిప్రాయం. మంచి సర్వేయర్ లోపలికి రాగానే మిమ్మల్ని ఏమీ అడక్కుండా ఒక పది నిమిషాలు ఊరికే తిరుగుతాడు. ఆ టైమ్‌లో రెండు ప్రశ్నలకి జవాబు వెతుకుతుంటాడు: మంట ఎక్కడ పుట్టింది, ఇక్కడ నిజంగా ఎంత సరుకు ఉంది.

మొదటి దానికి గోడలే చెప్తాయి. మంట మొదలైన చోట నుంచి పైకి వెడల్పు అవుతూ మసి గుర్తు ఉంటుంది, ఇంగ్లీష్ వీ అక్షరం ఆకారంలో. ఆ కేసులో ఆ గుర్తు మొన కరెంట్ బోర్డు కింద తేలింది, అక్కడి రాగి తీగ చివర కరిగి చిన్న గుండులా ఉంది. షార్ట్ సర్క్యూట్‌లో నిప్పురవ్వ వచ్చిన చోట తీగ ఇలా ఒక్క బిందువు దగ్గరే కరిగి గుండు కడుతుంది, మామూలుగా మంటలో పడి కాలిన తీగ అయితే ఎక్కువ పొడవున సాగిపోయినట్టు, సన్నబడినట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క గుండుతోనే అంతా తేలిపోదు, వేరే మంట వల్ల ఇన్సులేషన్ కాలిపోయి కూడా అక్కడ షార్ట్ అవ్వచ్చు, అందుకే గోడ మీద గుర్తు, ఫైర్ స్టేషన్ రిపోర్ట్, చూసినవాళ్ళ మాట అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయా అని సరిచూస్తాడు.

కారణం ఎందుకంత ముఖ్యం అంటే పాలసీలో ఒక మినహాయింపు ఉంటుంది: షార్ట్ సర్క్యూట్ అయిన ఆ కరెంట్ వస్తువు వరకు డబ్బు రాదు, దాని నుంచి మంట పాకి కాలిన మిగతా అన్నిటికీ వస్తుంది. అంటే ఆ బోర్డు ఖర్చు మీదే, బట్టలు కవర్ అవుతాయి. చాలామంది "షార్ట్ సర్క్యూట్ అంటే క్లెయిమ్ పోతుందంట" అని భయపడి వేరే కథ చెప్తారు. దయచేసి ఆ పని చేయకండి. గోడ ఒకటి చెప్పి మీరు ఇంకోటి చెప్తే అప్పుడు మొత్తం క్లెయిమ్ మీద అనుమానం వస్తుంది, పదిహేను వందల బోర్డు కోసం లక్షల సరుకు మీదకి తెచ్చుకున్నట్టు.

రెండో ప్రశ్న ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బూడిదని లెక్కపెట్టలేం కదా, మరి ఎంత సరుకు ఉందో ఎలా తెలుస్తుంది? ఆ గోడౌన్‌లో ఒకే సైజు ర్యాకులు వరసగా ఉన్నాయి, ఒకటి పూర్తిగా కాలింది, పక్క వరసలోది బాగానే ఉంది. ఓనర్ ఇచ్చిన లిస్టులో కాలిన ర్యాక్‌కి 700 తాన్లు అని రాశారు. మా సర్ నన్ను కాలని ర్యాక్ లెక్కపెట్టమన్నారు, పైదాకా కుక్కి ఉన్నా 420 వచ్చాయి.

"బాబూ, దీనిలో 420 పడితే దానిలో 700 ఎట్లా పట్టాయి?" అని అడిగారు సర్, గొంతు పెంచకుండానే.

"సార్, సీజన్ సరుకు వచ్చింది, ర్యాక్ ముందర నేల మీద కూడా పేర్చాం" అన్నాడు ఆయన.

నేనైతే ఇది అల్లిన మాట అనుకున్నా. సర్ ఏమీ అనకుండా ఆ ర్యాక్ ముందు నేల మీద బూడిద మెల్లగా చీపురుతో పక్కకి తీయించారు. కింద సిమెంట్ మీద నల్లటి మసి మధ్యలో రెండు చోట్ల తెల్లగా, చతురస్రంగా మచ్చలు కనిపించాయి. అంటే అక్కడ బేళ్ళు నేలకి ఆనుకుని ఉన్నాయి, వాటి కింద నేలకి సెగ తగల్లేదు. వెనక గోడ మీద కూడా అంతే, సరుకు ఆనుకుని ఉన్నంత ఎత్తు గోడ లేత రంగులో ఉంటుంది, ఆ పైన నల్లగా మారుతుంది. ఆ గీత దగ్గర టేపు పెట్టి ఎత్తు కొలిచి, నేల మీద రెండు బేళ్ళ వరకు ఒప్పుకుని, మూడోది ఉందన్న మాటకి ఆధారం లేదని రాశారు. ఓనర్ ఆ బూడిద ముందే ఊడ్చేసి ఉంటే ఆ రెండు బేళ్ళు కూడా పోయేవి.

ఇంకోటి, గట్టిగా మడిచి పేర్చిన బట్ట పూర్తిగా కాలదు, మడత అంచులు మాడి లోపల బాగానే ఉంటుంది, బేల్ అయితే చుట్టూ కాలి మధ్యలో మిగుల్తుంది. కాబట్టి "మొత్తం బూడిదైపోయింది" అన్నచోట ఒక్క మాడిన ముక్క కూడా దొరక్కపోతే సర్వేయర్‌కి అనుమానం వస్తుంది. మీ దగ్గర ఆ మాడిన ముక్కలుంటే వాటిని చెత్తలో పారేయకండి, ఏ రకం బట్టో గుర్తుపట్టడానికి కూడా అవే ఆధారం.

మూడో అడుగు: కాగితాలు, ముఖ్యంగా బ్యాంక్‌కి ఇచ్చిన కాగితం

సైట్ చూసిన తర్వాత ఆయన ఒక లెటర్ పంపుతాడు, కావాల్సిన డాక్యుమెంట్ల లిస్ట్. క్లెయిమ్ ఫారం, ఫైర్ స్టేషన్ రిపోర్ట్, మూడేళ్ళ ఆడిట్ చేసిన లెక్కలు, ఈ సంవత్సరం కొనుగోలు అమ్మకాల బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, స్టాక్ రిజిస్టర్, బ్యాంక్‌కి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు. ఏవి ఏ రోజు ఇచ్చారో మెయిల్‌లో పెట్టి ఇవ్వండి, చేతికిస్తే కాపీ మీద సంతకం తీసుకోండి, లేకపోతే ఆలస్యం ఎవరిదన్న గొడవలో మీరే దొరుకుతారు.

వీటన్నిట్లో నిజంగా ఇబ్బంది పెట్టేది బ్యాంక్ స్టాక్ స్టేట్‌మెంటే. బ్యాంక్ ఇచ్చే క్యాష్ క్రెడిట్, అంటే సీసీ లిమిట్ కోసం చాలామంది నెలనెలా స్టాక్ కాస్త ఎక్కువ చూపిస్తారు, ఇది అందరికీ తెలిసిన విషయమే. మంట వచ్చిన రోజు అది రెండు వైపులా కొడుతుంది. పుస్తకాల్లో 46 లక్షలు, బ్యాంక్‌కి 60 లక్షలు చూపించారనుకోండి, సర్వేయర్ నష్టానికి తక్కువ అంకె పట్టుకుని, అసలు సరుకు విలువకి ఎక్కువ అంకె పట్టుకుంటే ఏమవుతుందో కింద యావరేజ్ లెక్కలో చూడండి. అలా రెండు చోట్ల రెండు అంకెలు వాడటం కరెక్ట్ కాదు, ఒకే విలువ రెండిటికీ వాడాలి, వాడకపోతే మీరు రాతపూర్వకంగా అడగొచ్చు. కానీ అడిగే ముందు ఆ తేడా ఎందుకుందో మీ దగ్గర నిజాయితీ అయిన జవాబు ఉండాలి.

నాలుగో అడుగు: లెక్క ఎలా దిగుతుంది

ఇదే అసలు విషయం. ఆ ఓనర్ ఇచ్చిన క్లెయిమ్ బిల్లు 29,50,000. చివరికి వచ్చింది దాదాపు సగం. ఎక్కడెక్కడ తగ్గిందో మెట్టు మెట్టుగా చూద్దాం.

కాలిన సరుకుని నేరుగా లెక్కపెట్టలేం కాబట్టి పుస్తకాల నుంచి వెనక్కి వస్తారు. ఏప్రిల్ 1న ఓపెనింగ్ స్టాక్ 38 లక్షలు. అక్కడ్నుంచి మంట వచ్చిన రోజు దాకా కొన్నది 52 లక్షలు. అమ్మింది 50 లక్షలు, కానీ అమ్మకంలో లాభం కూడా కలిసి ఉంటుంది, మూడేళ్ళ లెక్కలు చూస్తే గ్రాస్ లాభం అమ్మకం మీద 12 శాతం, అంటే అమ్మిన సరుకు అసలు ఖరీదు 44 లక్షలు. 38 కి 52 కలిపి 44 తీసేస్తే ఆ రాత్రి గోడౌన్‌లో ఉండాల్సింది 46 లక్షల సరుకు. కాలకుండా మిగిలింది లెక్కపెడితే కొన్న ధరకి 20 లక్షలు. అంటే పోయింది 26 లక్షలు.

మరి ఓనర్ 29.5 ఎందుకు రాశాడు? అమ్మే ధర వేశాడు. వ్యాపారి సరుకుకి ఫైర్ పాలసీ కొన్న ధర ఇస్తుంది, అమ్మి ఉంటే వచ్చే లాభం ఇవ్వదు, దానికి వేరే పాలసీ ఉంటుంది. ఇక్కడే మూడున్నర లక్షలు పోయాయి, దీని మీద వాదించి లాభం లేదు.

తర్వాత పాత సరుకు. కాలిన వాటిలో 4 లక్షల సరుకు మూడేళ్ళ క్రితం కొన్నది, కదలట్లేదు, ఓనరే అంతకుముందు సీజన్‌లో అదే రకం సగం ధరకి అమ్మిన బిల్లులు దొరికాయి. కాబట్టి దాని విలువ సగానికి తగ్గించారు, 2 లక్షలు పోయి నష్టం 24 లక్షలయింది, మొత్తం సరుకు విలువ కూడా 46 నుంచి 44కి దిగింది. ఇక్కడ జాగ్రత్తగా చూడండి: కొందరు సర్వేయర్లు నష్టంలో మాత్రం పాత సరుకు తగ్గించి మొత్తం విలువలో తగ్గించడం మర్చిపోతారు. రెండు చోట్లా తగ్గించాలి. పాత సరుకు శాతం ఊరికే అంచనాగా వేస్తే ఆధారం ఏంటని అడగండి, మీ దగ్గర దాన్ని పూర్తి ధరకి ఈమధ్య అమ్మిన బిల్లులుంటే చూపించండి, బిల్లు చూపిస్తే తగ్గింపు ఆగిన కేసులు నేనే చూశా.

తర్వాత సాల్వేజ్, అంటే సగం కాలిన, తడిసిన సరుకుకి ఎంతో కొంత వస్తుంది కదా అది. ఆయన ముగ్గురు కొనేవాళ్ళ దగ్గర కొటేషన్లు తీసుకున్నారు, ఎక్కువ చెప్పింది 3 లక్షలు. మీ సరుకు గురించి మీకే బాగా తెలుసు కాబట్టి మీరూ కొనేవాళ్ళని తీసుకురావచ్చు. ఆయన కాగితం మీద ఊహించి ఎక్కువ వేస్తే "ఆ ధరకి కంపెనీనే తీసుకోమనండి" అని మర్యాదగా రాయండి, ఆ ఒక్క లైన్‌తో అంకె చాలాసార్లు కిందకి దిగుతుంది. 24 లోంచి 3 తీస్తే నికర నష్టం 21 లక్షలు.

ఇప్పుడు అందరినీ ముంచేది. యావరేజ్, అంటే తక్కువకి ఇన్సూరెన్స్ చేయించినందుకు శిక్ష. స్టాక్ ఇన్సూరెన్స్ 33 లక్షలకే ఉంది, సరుకు 44 లక్షలు. 33ని 44తో భాగిస్తే 75 శాతం. అంటే నాలుగో వంతుకి మీరే ఇన్సూరెన్స్ కంపెనీ అన్నమాట, నష్టంలో నాలుగో వంతు మీరే భరించాలి. 21 లక్షల్లో 75 శాతం 15,75,000. పాలసీలో ఎక్సెస్, అంటే క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం, 10,000 ఉంది, అది తీస్తే 15,65,000.

చిన్న వ్యాపారాల ఫైర్ పాలసీల్లో 15 శాతం దాకా తక్కువ ఉంటే వదిలేస్తారు, అది దాటితే మాత్రం దాటినంత వరకే కాదు, మొత్తం తగ్గింపు పడుతుంది. అదే ఓనర్ 33 బదులు 38 లక్షలకి చేయించి ఉంటే తక్కువ 13.6 శాతం, యావరేజ్ పడేదే కాదు, 20,90,000 వచ్చేది. ఐదు లక్షల కవర్ ఎక్కువ తీసుకోనందుకు ఐదుంపావు లక్షలు పోయింది. ఆయనకి ఈ లెక్క చూపించినప్పుడు మొహం చూడలేకపోయాం. ఇల్లు అయితే ఈ బాధ లేదు, 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్షా పాలసీలో యావరేజ్ తీసేశారు.

బిల్డింగ్, మిషన్ల సంగతి వేరే. పాలసీ మార్కెట్ విలువ మీద ఉంటే వయసుని బట్టి తరుగుదల తీస్తారు, రీఇన్‌స్టేట్‌మెంట్, అంటే కొత్తగా కట్టే ఖర్చు మీద ఉంటే తరుగుదల ఉండదు గానీ మళ్ళీ కట్టి, బిల్లులు చూపించాకే పూర్తి డబ్బు, మామూలుగా 12 నెలల్లోపు కట్టాలి. కట్టకపోతే మార్కెట్ విలువే.

జీఎస్టీ మీద ఒక్క మాట. కాలిపోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ చట్టం ప్రకారం వెనక్కి కట్టాలి, అది మీకు నిజమైన నష్టమే. ఇన్సూరెన్స్ మొత్తంలో ట్యాక్స్ కలిపి చేయించి ఉంటే, క్రెడిట్ రివర్స్ చేసిన ఆధారం చూపించి దాన్ని అడగండి. అడక్కపోతే ట్యాక్స్ లేకుండానే లెక్క కడతారు.

ఐదో అడుగు: రిపోర్ట్ కాపీ తీసుకుని చదవడం

ఫైనల్ రిపోర్ట్ కాపీ అడిగే హక్కు మీకుంది, మెయిల్‌లో అడగండి. అందులో ముందు కథంతా వదిలేసి అసెస్‌మెంట్ పట్టిక దగ్గరికి వెళ్ళండి, పైన చెప్పిన వరసలో మెట్లు ఉన్నాయా లేదా చూడండి. ముఖ్యంగా సాల్వేజ్ ఎక్కడ తీశారో చూడండి.

ఆ కేసులో మొదటి రిపోర్ట్‌లో యావరేజ్ ముందు వేసి సాల్వేజ్ తర్వాత తీశాం. 24 లక్షలకి 75 శాతం 18 లక్షలు, అందులోంచి 3 తీస్తే 15 లక్షలు, ఎక్సెస్ పోగా 14,90,000. చూడటానికి పెద్ద తేడా లేదనిపిస్తుంది గానీ 75,000 తక్కువ. ఎందుకు తప్పు అంటే నష్టంలో నాలుగో వంతు ఓనర్ మోస్తున్నాడు కదా, మరి సాల్వేజ్‌లో కూడా నాలుగో వంతు ఆయనదే కావాలి, ఆ లెక్కలో మొత్తం సాల్వేజ్ లాభం కంపెనీకే పోతోంది. తప్పు మాదే, టైప్ చేసింది నేనే, పాత ఫైల్ ఫార్మాట్ మీద అంకెలు మార్చి పంపేశా. ఓనర్ వాళ్ళ అకౌంటెంట్ పట్టుకుని ఒక పేజీ లెటర్ రాశాడు, అందులో తిట్టు ఒక్కటి కూడా లేదు, రెండు లెక్కలు పక్కపక్కన వేసి "ఏది సరైనదో తెలుపగలరు" అని మాత్రమే రాశాడు. సర్ చదివి నా వైపు ఒక చూపు చూసి, అడెండం, అంటే రిపోర్ట్‌కి సవరణ, రాసి పంపారు.

మీకు అభ్యంతరం ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి. "తక్కువ వేశారు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ లైన్, ఏ అంకె, మీ ఆధారం ఏంటి, ఇది రాయండి. రిపోర్ట్‌కి ముందు సర్వేయర్ ఒప్పుకోలు లెటర్ మీద సంతకం అడిగితే లెక్క చూడకుండా పెట్టకండి, అభ్యంతరం ఉంటే ఆ సంతకం పక్కనే ఆ మాట రాయండి.

ఆరో అడుగు: కంపెనీ ఏం చేయొచ్చు, మీరేం చేయొచ్చు

సర్వేయర్ అంకె కంటే ఎక్కువో తక్కువో ఇచ్చే హక్కు 64యూఎం సెక్షన్‌లోనే కంపెనీకి ఉంది. కానీ ఇష్టమొచ్చినట్టు కాదు. సర్వేయర్ రిపోర్టే ఆఖరి మాట కాదని, సరైన కారణం ఉంటే పక్కన పెట్టొచ్చని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇది మీకూ పనికొస్తుంది, ఆధారం ఉంటే మీరూ రిపోర్ట్‌ని ప్రశ్నించొచ్చు. అదే సంవత్సరం శ్రీ వేంకటేశ్వర సిండికేట్ కేసులో, మొదటి రిపోర్ట్ నచ్చలేదని కారణం చెప్పకుండా సర్వేయర్ తర్వాత సర్వేయర్‌ని పెట్టుకుంటూ పోకూడదని కూడా చెప్పింది. కాబట్టి రెండో సర్వేయర్ వస్తే మొదటి రిపోర్ట్‌లో ఏం లోపం ఉందని రాతపూర్వకంగా అడగండి.

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ముందు రాయాలి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఖర్చు ఉండదు, 50 లక్షల దాకా చూస్తారు, ఏడాది లోపు వెళ్ళాలి. అక్కడికి వ్యక్తులు, ఒక్కరి యాజమాన్యంలోని వ్యాపారాలు, మైక్రో సంస్థలు వెళ్ళొచ్చు. మిగతావాళ్ళకి కన్స్యూమర్ కమిషన్ లేదా కోర్టు. ఎక్కడికి వెళ్ళినా మొదట అడిగేది సర్వే రిపోర్ట్, తర్వాత దాని మీద మీరు అప్పుడే ఏం అభ్యంతరం రాశారని. ఆరు నెలల తర్వాత గుర్తొచ్చిన అభ్యంతరానికి బలం తక్కువ.

ఆ గోడౌన్ ఓనర్‌కి అడెండం ప్రకారం 15,65,000 వచ్చాయి. వచ్చాయి అంటే, ఆయన చేతికి కాదు. పాలసీ మీద బ్యాంక్ పేరు ఉంది కాబట్టి డబ్బు నేరుగా సీసీ అకౌంట్‌లో జమ అయింది. కొత్త సరుకు కొనడానికి అందులోంచి ఎంత వాడుకోనిస్తారో మాట్లాడటానికి ఆయన మళ్ళీ బ్యాంక్ మేనేజర్ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది, ఈసారి నిజమైన స్టాక్ అంకె పట్టుకుని.